టిఫా స్కాన్‌లో వెంట్రికల్ 10.8 మి.మీ. అని వస్తే తర్వాత ఏం చూడాలి

ప్రశ్న: నాకిప్పుడు 21 వారాలు. నిన్న టిఫా స్కాన్ చేశారు. బిడ్డ మెదడులో కుడి లేటరల్ వెంట్రికల్ 10.8 మి.మీ., ఎడమది 8.4 మి.మీ., ‘మైల్డ్ వెంట్రిక్యులోమెగాలీ’ అని రాశారు. మిగతావన్నీ నార్మల్ అన్నారు. మూడో నెలలో చేసిన డబుల్ మార్కర్‌లో రిస్క్ తక్కువనే వచ్చింది. ఇప్పుడు మళ్ళీ స్కాన్, రక్త పరీక్షలు, ఉమ్మనీరు పరీక్ష, ఎమ్మారై అంటున్నారు. బిడ్డ తలలో నీరు చేరిందా? ఇవన్నీ నిజంగా చేయించుకోవాలా?

జవాబు:

తలలో నీరు చేరడమంటే నీటికి దారి మూసుకుపోయి, అది లోపల ఒత్తిడి పెంచుతూ పోవడం. 10.8 అనే అంకె అది చెప్పడం లేదు. మెదడులో ఎప్పుడూ నీరు ఉండే ఒక గది, ఉండాల్సిన వెడల్పు కన్నా మిల్లీమీటరు లోపే ఎక్కువగా కనిపించింది, అంతే. ఇది జబ్బు పేరు కాదు, ఒక కొలత. ఆ కొలత సరిగ్గా తీశారా, అది నిజంగా ఒంటరిగానే ఉందా అన్న రెండు ప్రశ్నలకు ముందు జవాబు రావాలి. మీకు చెప్పిన పరీక్షలన్నీ ఈ రెండో ప్రశ్న కోసమే. వాటిలో కొన్ని తప్పనిసరి, కొన్ని మీరు ఆలోచించి తేల్చుకోవాల్సినవి.

మెదడు రెండు సగాల్లోనూ లేటరల్ వెంట్రికల్ అనే గది ఒక్కొక్కటి ఉంటుంది. దాని లోపలే కోరాయిడ్ ప్లెక్సస్ అనే మెత్తటి గుత్తి ఉండి నీటిని తయారుచేస్తూ ఉంటుంది. ఆ నీరు మధ్యలోని మూడో గదిలోకి, అక్కణ్ణుంచి సన్నటి కాలువ గుండా చిన్నమెదడు ముందున్న నాలుగో గదిలోకి, తర్వాత మెదడు బయటికి వచ్చి చివరకు రక్తంలో కలుస్తుంది. గది వెడల్పుగా కనిపించడానికి కారణాలు మూడు రకాలు. నీటి దారిలో ఎక్కడో అడ్డు ఉండొచ్చు. గది చుట్టూ ఉన్న మెదడు సరిగ్గా ఏర్పడకపోవడం వల్లో, ఇన్ఫెక్షన్‌తోనో రక్తస్రావంతోనో కొంత పాడవడం వల్లో ఖాళీ పెరగొచ్చు. లేదా ఆ బిడ్డకు గది సహజంగానే కొంచెం పెద్దది కావచ్చు. స్వల్పంగా పెరిగి, పక్కన ఇంకే లోపమూ కనిపించని కేసుల్లో ఎక్కువ భాగం ఈ మూడో రకానివే. అయితే 10.8 అన్న అంకె ఒక్కదాన్ని చూసి మూడింట్లో ఇది ఏదో చెప్పలేం. చుట్టుపక్కల ఏముందో చూస్తేనే తెలుస్తుంది.

ముందు కొలత సంగతి. వెంట్రికల్‌ను దాని వెనక భాగంలో, ఏట్రియం అనే చోట కొలుస్తారు. స్కాన్ చేసేటప్పుడు పొట్ట మీద ఆనించే ప్రోబ్‌ను తలకు అడ్డంగా పట్టినప్పుడు పుర్రె కోడిగుడ్డు ఆకారంలో తెరపై వస్తుంది. నడిమి గీత రెండు వైపులా సమాన దూరంలో ఉండాలి. ముందు భాగంలో చిన్న పెట్టెలాంటి ఆకారం కనిపించాలి. వెనక, కోరాయిడ్ ప్లెక్సస్ తెల్లగా బొద్దుగా ఉన్నచోట, గది లోపలి గోడ నుంచి ఎదుటి లోపలి గోడ దాకా, గది పొడవుకు సరిగ్గా లంబంగా, తెరపై దూరం కొలిచే గుర్తు అయిన కాలిపర్ రెండు కొసలూ పెట్టాలి. అలా తీసిన కొలత రెండో, మూడో త్రైమాసికాలంతా 10 మి.మీ. కన్నా తక్కువే ఉండాలి. బిడ్డ తల పెరుగుతున్నా ఈ గది వెడల్పు దాదాపు అలాగే ఉంటుంది కాబట్టే, ఏ వారంలోనైనా ఒకే హద్దు పనికొస్తోంది. 10 నుంచి 12 దాకా స్వల్పం, 13 నుంచి 15 దాకా మధ్యస్థం, 15 దాటితే తీవ్రం అని పిలుస్తారు.

ఇక్కడ పొరపాటు చాలా తేలిక. ప్రోబ్ కొద్దిగా ఏటవాలుగా పడితే గది కోణంలో తెగి, ఉన్నదానికన్నా వెడల్పుగా కనిపిస్తుంది. కీరదోసకాయను అడ్డంగా కోస్తే గుండ్రటి ముక్క, ఏటవాలుగా కోస్తే సాగిన ముక్క వస్తుంది కదా, అదే సంగతి. కాలిపర్ గోడ లోపలి అంచు మీద కాకుండా బయటి అంచు మీద పడ్డా అరమిల్లీమీటరు నుంచి మిల్లీమీటరు దాకా పెరుగుతుంది. గది గోడకు ఆనుకుని ఉన్న మెదడు కూడా ఈ వయసులో నల్లగానే కనిపిస్తుంది గనక, దాన్ని నీరని పొరబడి కలిపి కొలిచేవాళ్ళూ ఉన్నారు. ఇంకొకటి, ప్రోబ్‌కు దగ్గరగా ఉన్న వైపు పుర్రె ఎముక ప్రతిధ్వనుల వల్ల ఆ పక్క గది మసకబారుతుంది. అందుకే మామూలుగా దూరంగా ఉన్న వైపు గదినే స్పష్టంగా కొలుస్తారు. మీ రిపోర్టులో రెండు వైపులవీ విడివిడిగా రాశారంటే రెండో వైపు చూడటానికి కోణం మార్చి ఉంటారు. మంచిదే. కానీ 10 కి దగ్గరగా ఉన్న కొలతను మూడుసార్లు తీసి చూడకుండా పేరు పెట్టకూడదు. తిరిగి చేసిన స్కాన్‌లో 9.5 అని తేలే కేసులు కొన్ని ఉంటాయి. అలా తేలి, మిగతా మెదడు నిర్మాణం అంతా సరిగా ఉంటే ఈ విషయం అక్కడితో ముగిసినట్టే.

కొలత నిజమేనని తేలితే అసలు పని మొదలవుతుంది. ‘మిగతావన్నీ నార్మల్’ అనే మాట ఎంత గట్టిదో, ఆ మిగతావి ఏవేవి చూశారన్న దాన్ని బట్టే ఉంటుంది. టిఫా స్కాన్‌లో తల నుంచి పాదాల దాకా చూస్తారు. వెంట్రికల్ పెద్దగా ఉన్నప్పుడు మాత్రం కొన్ని భాగాల్ని మరింత నిదానంగా చూడాలి.

మొదటిది ఆ పెట్టె ఆకారం. దాన్ని కేవమ్ అంటారు, రిపోర్టులో సీఎస్‌పీ అని ఉంటుంది. మెదడు ముందు భాగంలో నడిమి గీతను అడ్డగిస్తూ రెండు సమాంతర గీతల మధ్య చిన్న నల్లటి జాగాలా కనిపిస్తుంది. దాదాపు 18 వారాల నుంచి 37 వారాల దాకా ప్రతి బిడ్డలోనూ ఇది కనిపించాలి. ఈ చిన్న జాగాకు ఇంత ప్రాముఖ్యం ఎందుకంటే, మెదడు రెండు సగాలను కలిపే కార్పస్ కలోజమ్ అనే పెద్ద నరాల కట్ట దీని పైనే ఏర్పడుతుంది. ఆ కట్ట ఏర్పడకపోతే చాలాసార్లు ఈ పెట్టె కూడా కనిపించదు. అప్పుడు వెంట్రికల్ ముందు భాగం సన్నగా, వెనక భాగం ఉబ్బుగా, కన్నీటి చుక్కలా మారుతుంది. అంటే 10.8 అని రాసిన గది నిజానికి కట్ట లేకపోవడానికి బయటికి కనిపించే గుర్తు కావచ్చు. ఆ కేసుకు, ఒంటరిగా ఉన్న స్వల్ప వెడల్పుకు భవిష్యత్తు వేరు, ఆ తర్వాతి పరీక్షలు వేరు. కాబట్టి రిపోర్టులో ‘సీఎస్‌పీ కనిపించింది’ అన్న మాట ఉందో లేదో మీరే చూడండి. లేకపోతే అడగండి.

రెండోది తల వెనక భాగం. చిన్నమెదడు రెండు గుండ్రటి భాగాలుగా, నడుమ సన్నని వంతెనతో డంబెల్‌లా కనిపించాలి. దాని అడ్డు కొలత మిల్లీమీటర్లలో సుమారుగా గర్భం వారాల అంకెకు సమానంగా ఉంటుంది, 21 వారాలకు 21 మి.మీ. అన్నట్టు. చిన్నమెదడు వెనక ఉన్న నీటి జాగా, సిస్టర్నా మాగ్నా, 2 నుంచి 10 మి.మీ. మధ్య ఉండాలి. 10 దాటితే చిన్నమెదడు నడిమి భాగం పూర్తిగా ఏర్పడిందా అని చూస్తారు. అసలు జాగాయే లేకుండా మూసుకుపోయి, చిన్నమెదడు అరటిపండులా వంగి కనిపిస్తే చూపు వెంటనే వెన్ను మీదికి పోవాలి.

ఎందుకంటే వెన్నెముకలో ఎక్కడైనా చర్మం మూతపడకుండా తెరిచి ఉంటే మెదడు నీరు అక్కణ్ణుంచి కారుతూ, చిన్నమెదడును కిందికి లాగేస్తుంది. నీటి దారి మూసుకుపోయి వెంట్రికల్స్ ఉబ్బుతాయి. పుర్రె ముందు వైపు ఇరుపక్కలా లోపలికి నొక్కుకుని నిమ్మకాయ ఆకారం వస్తుంది. వెన్నులో ఉన్న చిన్న లోపం నేరుగా కనిపించకపోయినా, తలలోని ఈ రెండు గుర్తులే దాన్ని పట్టిస్తాయి. అందుకని వెంట్రికల్ పెద్దదని రాసిన ప్రతి రిపోర్టులోనూ వెన్ను గురించి స్పష్టంగా ఒక మాట ఉండాలి. మెడ నుంచి నడుము కింది త్రికం దాకా నిలువుగానూ అడ్డంగానూ చూశారని, పైన చర్మం తెగకుండా ఉందని ఆ మాట చెప్పాలి. బిడ్డ వీపు గర్భాశయ గోడకు ఆనించి పడుకుంటే అక్కడ ఏమీ తెలియదు. అలాంటప్పుడు కాసేపు నడిచి వచ్చాకో, మరో రోజో మళ్ళీ చూడటమే సరైన పద్ధతి. ‘సరిగ్గా కనిపించలేదు’ అని నిజాయితీగా రాసిన రిపోర్టు, ఆ కనిపించకపోవడాన్ని ‘నార్మల్’ అనే మాట కింద కప్పేసిన రిపోర్టు కన్నా మీకు ఎంతో మేలు చేస్తుంది.

తల, వెన్ను కాక మిగతా ఒంట్లో చూసేవి ఇంకో కారణంతో ముఖ్యం. ఒక్క చోట చిన్న తేడా ఉండటం వేరు, రెండు మూడు చోట్ల ఉండటం వేరు. గుండెలో నాలుగు గదులు సమానంగా ఉన్నాయా, గోడలో రంధ్రం ఉందా, రెండు పెద్ద రక్తనాళాలు వేర్వేరు గదుల నుంచి బయల్దేరి ఒకదాన్నొకటి దాటుతున్నాయా అని చూస్తారు. నాలుగు గదుల చిత్రం ఒక్కటే బాగుంటే సరిపోదు. పెద్ద నాళాలు తారుమారైన గుండెలో నాలుగు గదులు చక్కగానే కనిపిస్తాయి. పైపెదవి చీలిందా, మెడ వెనక చర్మం మందం 6 మి.మీ. కన్నా తక్కువుందా, ముక్కు ఎముక ఉందా, బొడ్డు దగ్గర పొట్ట గోడ మూతపడిందా, జీర్ణాశయం, గుండె రెండూ ఎడమవైపే ఉన్నాయా, రెండు మూత్రపిండాలూ మూత్రాశయమూ ఉన్నాయా, చేతులు తెరుచుకుంటున్నాయా, పాదాలు వంకర లేవా అన్నవి మిగతావి. ఇవి తేలిగ్గా చెప్పేస్తున్నా గానీ, మీలాంటి కేసులో ఒక్కొక్కటీ అవును, కాదు అని తేలాల్సినవే. బొటనవేళ్ళు అరచేతిలోకి ముడుచుకుని తెరుచుకోకపోతే, దానితో పాటు వెంట్రికల్ పెద్దదిగా ఉంటే, నీటి కాలువ మూసుకుపోయే ఒక వంశపారంపర్య లోపాన్ని అనుమానిస్తారు. చేతులు చూడటానికీ మెదడుకూ సంబంధం అక్కడుంది.

ఇప్పుడు మీ అంకెల్ని ఒక పూర్తి ఉదాహరణగా పెట్టి చూద్దాం. మీ రిపోర్టులో మిగతా కొలతలు ఇలా ఉన్నాయనుకుందాం: తల చుట్టుకొలత 188 మి.మీ., సీఎస్‌పీ కనిపించింది, చిన్నమెదడు 21 మి.మీ., సిస్టర్నా మాగ్నా 5 మి.మీ., వెన్ను మొత్తం కనిపించింది, గుండెలో నాలుగు గదులూ పెద్ద నాళాలూ సరిగ్గా ఉన్నాయి. తల చుట్టుకొలత ఈ వారానికి సరిగ్గా సరిపోయింది. అంటే తల వేగంగా పెరగడం లేదు, చిన్నదిగానూ లేదు. చిన్నమెదడు, దాని వెనక జాగా రెండూ మామూలే గనక తెరిచి ఉన్న వెన్ను దాదాపు లేనట్టే. సీఎస్‌పీ ఉంది గనక కార్పస్ కలోజమ్ పూర్తిగా లేకపోవడం అన్న అనుమానం బాగా తగ్గుతుంది. కొంత భాగం మాత్రమే లేని కేసుల్లో సీఎస్‌పీ కనిపించవచ్చు కాబట్టి ఆ కట్టను నిలువు కోతలో నేరుగా చూసేదాకా ఆ ఒక్కటీ తేలనట్టే. ఒకవైపు 10.8, మరోవైపు 8.4 ఉండటం విడ్డూరం కాదు. రెండు గదుల మధ్య కొంత తేడా చాలామంది బిడ్డల్లో ఉంటుంది.

ఇన్ని సరిగ్గా ఉంటే మీ కేసును ‘ఒంటరి స్వల్ప వెంట్రిక్యులోమెగాలీ’ అంటారు. 10 నుంచి 12 మి.మీ. మధ్య ఉండి, తర్వాతి పరీక్షల్లోనూ ఇంకేదీ బయటపడని బిడ్డల్లో పది మందిలో తొమ్మిది మందికి పైగా మామూలుగానే ఎదుగుతారు. ఈ మాటలో ‘తర్వాతి పరీక్షల్లోనూ’ అన్నది గట్టిగా పట్టుకోండి. ఆ మంచి అంకె, వెతికి ఏమీ దొరకని వాళ్ళది.

వెతకడంలో మొదటి మెట్టు న్యూరోసోనోగ్రామ్. ఇది మళ్ళీ అదే స్కాన్ కాదు. గర్భస్థ శిశువు మెదడును ప్రత్యేకంగా చూసే అనుభవమున్న ఫీటల్ మెడిసిన్ నిపుణులు చేస్తారు. టిఫాలో తలను అడ్డకోతల్లో మాత్రమే చూస్తారు. ఇందులో నిలువు కోతలు, ముందు నుంచి వెనక్కి కోతలు కూడా తీస్తారు. బిడ్డ తల కిందికి ఉంటే యోని ద్వారా సన్నటి ప్రోబ్‌తో చూస్తారు, ఎందుకంటే బిడ్డ నడినెత్తి మెత్తటి జాగా గుండా మెదడు అప్పుడు ఎంతో స్పష్టంగా కనిపిస్తుంది. కార్పస్ కలోజమ్ మొత్తం పొడవునా ఉందా, మూడో గది కూడా ఉబ్బిందా, గది గోడలు నునుపుగా ఉన్నాయా, గడ్డకట్టిన రక్తం గుర్తులున్నాయా, గోడల వెంట తెల్లటి చుక్కలున్నాయా అన్నవి ఇక్కడ తేలతాయి. అన్నిటికన్నా ముందు చేయించుకోవాల్సింది ఇదే. దీని ఫలితం తెలియకుండా మిగతావాటి గురించి తొందరపడనవసరం లేదు.

రక్త పరీక్షలు ఇన్ఫెక్షన్ కోసం. ముఖ్యంగా సైటోమెగాలో వైరస్, టాక్సోప్లాస్మా. తల్లికి మామూలు జలుబులా వచ్చిపోయే ఈ ఇన్ఫెక్షన్, లేదా అసలు తెలియకుండానే వచ్చేది, బిడ్డ మెదడుకు చేరవచ్చు. తల్లి రక్తంలో ఐజీజీ, ఐజీఎమ్ అనే రెండు యాంటీబాడీలు చూస్తారు. రెండూ నెగటివ్ అయితే ఆ ఇన్ఫెక్షన్ కారణం కాదనుకోవచ్చు. ఐజీజీ పాజిటివ్, ఐజీఎమ్ నెగటివ్ అయితే చాలావరకు పాతది. ఐజీఎమ్ పాజిటివ్ రాగానే భయపడిపోవడం ఇక్కడ తరచూ జరిగే పొరపాటు. అది నెలల తరబడి పాజిటివ్‌గానే ఉండిపోగలదు. కాబట్టి అవిడిటీ అనే మరో పరీక్ష చేస్తారు. యాంటీబాడీ ఎంత గట్టిగా పట్టుకుంటుందో అది చెబుతుంది. గట్టిగా పట్టుకుంటే ఇన్ఫెక్షన్ కొన్ని నెలల కిందటిది, సడలుగా ఉంటే ఈమధ్యది. ఆ పరీక్షను గర్భం తొలి నెలల రక్తంతో చేస్తేనే జవాబు స్పష్టంగా వస్తుంది. అప్పటి రక్తం నమూనా ల్యాబ్‌లో ఇంకా దాచి ఉంటే దాంతో చేయమని అడగొచ్చు.

ఇక ఉమ్మనీరు పరీక్ష. మీ డబుల్ మార్కర్ తక్కువ రిస్క్ చూపింది కదా, మళ్ళీ ఇదెందుకు అన్నది న్యాయమైన ప్రశ్న. డబుల్ మార్కర్ రక్తంలోని రెండు పదార్థాలు, అప్పటి స్కాన్, మీ వయసు కలిపి వేసిన లెక్క. అది డౌన్ సిండ్రోమ్ వంటి రెండు మూడు సమస్యల అవకాశాన్ని మాత్రమే అంచనా వేస్తుంది. తల్లి రక్తంతో చేసే ఎన్‌ఐపీటీ అనే పరీక్ష అంతకన్నా చాలా నమ్మకమైనదే అయినా, మామూలుగా అదీ 21, 18, 13 క్రోమోజోములను ప్రధానంగా చూస్తుంది. మెదడులో తేడాలు తెచ్చే క్రోమోజోమ్ లోపాల్లో ఎన్నో వీటి బయటే ఉన్నాయి. వాటిలో కొన్ని క్రోమోజోములో చిన్న ముక్క లేకపోవడమో, అదనంగా ఉండటమో. అవి కనిపించాలంటే ఉమ్మనీటిలో ఉండే బిడ్డ కణాల మీద మైక్రోఅర్రే అనే పరీక్ష చేయాలి. స్కాన్‌లో వచ్చే చిన్న గుర్తుల్లో కూడా అన్నీ ఒకే బరువు కావు. గుండెలో తెల్ల చుక్క ఒక్కటే కనిపించి, ముందు పరీక్షలు తక్కువ రిస్క్ చూపితే దాన్ని వదిలేయొచ్చు. వెంట్రికల్ వెడల్పు, మెడ వెనక మందం, ముక్కు ఎముక లేకపోవడం మాత్రం బరువైన గుర్తులు. అందుకే పాత ఫలితం బాగున్నా మీకు ఈ పరీక్ష గురించి చెప్పారు. ఒంటరిగా కనిపించే స్వల్ప కేసుల్లో క్రోమోజోమ్ లోపం దొరికేది దాదాపు 100లో 5 మందికి.

పరీక్ష ఇలా జరుగుతుంది. స్కాన్‌లో చూస్తూ సన్నటి సూదిని పొట్ట మీది నుంచి ఉమ్మనీటిలోకి పంపి 15 నుంచి 20 మి.లీ. తీస్తారు. సూది లోపల ఉండేది ఒకటి రెండు నిమిషాలే. అనుభవమున్న చేతుల్లో దీనివల్ల గర్భం పోయే అవకాశం 200లో ఒకటి కన్నా తక్కువ. ముఖ్యమైన క్రోమోజోముల ఫలితం కొన్ని రోజుల్లో, మైక్రోఅర్రేది సుమారు రెండు వారాల్లో వస్తుంది. మీ రక్తం గ్రూపు నెగటివ్ అయితే ఆ రోజే యాంటీ డీ ఇంజెక్షన్ గురించి అడగండి. అదే నీటిలో వైరస్ కోసం కూడా పరీక్ష చేయించవచ్చు. బిడ్డ మూత్రం ద్వారానే వైరస్ ఉమ్మనీటిలోకి వస్తుంది గనక 20 వారాలు దాటాక, తల్లికి ఇన్ఫెక్షన్ సోకి 6 నుంచి 8 వారాలైనా గడిచాక చేస్తేనే ఆ నెగటివ్‌ను నమ్మొచ్చు. అంతకుముందే చేసి నెగటివ్ వచ్చిందని నిశ్చింతగా ఉండటం సరికాదు.

ఇది చేయించుకోవాలా వద్దా అన్నది మీ నిర్ణయం. 100లో 95 మందికి ఏమీ దొరకని పరీక్ష కోసం సూది వద్దనుకోవడమూ సబబే, తేలిపోతే మనసు కుదుటపడుతుందని చేయించుకోవడమూ సబబే. నా అభిప్రాయం అడిగితే, న్యూరోసోనోగ్రామ్‌లో ఇంకొక్క తేడా అయినా కనిపించినా, వెడల్పు 12 దాటినా ఈ పరీక్ష వాయిదా వేయకండి. గర్భం గురించి తీసుకునే నిర్ణయాలకు చట్టంలో వారాల హద్దు ఉంటుంది. మైక్రోఅర్రేకు రెండు వారాలు పడుతుంది. ఇప్పుడు 21 వారాలు గనక, మీరు ఉన్నచోట ఆ గడువు ఎంతో మీ డాక్టరును ఈ వారంలోనే అడిగి, దాన్ని బట్టి తేదీలు వేసుకోండి. ఏం నిర్ణయించినా గడువు ముగిసిపోయాక ఫలితం చేతికి రావడం అన్నది జరగకూడదు.

ఎమ్మారై గురించి తొందర లేదు. దీనిలో ఎక్స్‌రే ఉండదు, రంగు మందు ఎక్కించరు, బిడ్డకు హాని జరుగుతుందని తేలలేదు. 21 వారాల మెదడు పైభాగం ఇంకా దాదాపు నునుపుగానే ఉంటుంది. మడతలు తర్వాతి వారాల్లో ఒక్కొక్కటిగా పడతాయి. మడతలు పడే తీరులో లోపం ఉంటే అది ఇప్పుడు ఏ యంత్రానికీ కనిపించదు. అందుకే మెదడు పైపొర చూడాలంటే 28 నుంచి 32 వారాల మధ్య ఎమ్మారై ఎక్కువ పనికొస్తుంది. మంచి న్యూరోసోనోగ్రామ్ అన్నీ స్పష్టంగా చూపించి, వెడల్పు 10.8 దగ్గరే ఆగితే ఎమ్మారైలో కొత్తగా ఏదైనా దొరికేది కొద్దిమందిలోనే. స్కాన్‌లో బిడ్డ తల స్థితి వల్లో, మరే కారణం వల్లో మెదడు సరిగ్గా కనిపించకపోతే, లేదా వెడల్పు పెరుగుతూ పోతే తప్పక చేయించుకోండి.

మళ్ళీ స్కాన్ మాత్రం అందరికీ ఉంటుంది. రెండు నుంచి నాలుగు వారాల్లో, అదే చేత్తో, అదే పద్ధతిలో కొలిస్తేనే పోలిక కుదురుతుంది. 24 వారాలకు మీది 9.2 అని వచ్చిందనుకోండి, ఇది చాలామందికి జరిగేదే, మిగతావన్నీ సరిగ్గా ఉంటే మంచి సూచన. 10.9 అని వచ్చినా 11.2 అని వచ్చినా అది నిలకడే, ఎందుకంటే కొలతలో ఆ మాత్రం తేడా ప్రతిసారీ ఉంటుంది. దాన్ని పెరుగుదల అనరు. 13.5 అని వస్తే పెరిగినట్టు, మధ్యస్థం అనే వర్గంలోకి మారినట్టు. అప్పుడు ఉమ్మనీరు పరీక్ష, ఎమ్మారై రెండూ గట్టిగా సిఫారసు చేయాల్సినవి అవుతాయి, నీటి దారిలో అడ్డు ఉందా అని మూడో గదిని మళ్ళీ చూస్తారు. అంకె ఏది వచ్చినా, ఏడో నెల దాటాక మరొకసారి చూస్తారు, అప్పటిదాకా కనిపించని లోపం మెదడు పెరిగాక బయటపడొచ్చు గనక. గది గోడల మీద రక్తస్రావం గుర్తులు కనిపిస్తే తల్లి రక్తంలో బిడ్డ ప్లేట్‌లెట్లను ఎదిరించే యాంటీబాడీలు ఉన్నాయేమో చూడాలి. అది కనిపెడితే చికిత్స ఉన్న కారణం, ముఖ్యంగా వచ్చే గర్భానికి. అందుకే ఆ పరీక్షను మరిచిపోకూడదు.

కాన్పు గురించి చాలామంది అడుగుతారు. 10.8 వెంట్రికల్ ఉన్నంత మాత్రాన తల పెద్దదవదు, సిజేరియన్ అవసరమూ రాదు. గది లోపల వెడల్పు వేరు, తల చుట్టుకొలత వేరు. తల చుట్టుకొలత నిజంగా పెరిగిపోయిన కేసుల్లోనే కాన్పు పద్ధతి మార్చాల్సి వస్తుంది.

అపాయింట్‌మెంట్‌కు వెళ్ళేటప్పుడు పాత రిపోర్టుల కాగితాలతో పాటు ఈ స్కాన్‌లో తలను తీసిన చిత్రాలు కూడా అడిగి తీసుకెళ్ళండి. కొలత సరైన చోట తీశారా లేదా అన్నది కాగితం మీది అంకె చెప్పదు, కాలిపర్ కనిపించే చిత్రం చెబుతుంది. పుట్టాక బిడ్డ నడినెత్తి మెత్తగా ఉన్నప్పుడే అక్కడ ప్రోబ్ పెట్టి మెదడును ఒకసారి స్కాన్ చేయించండి. దానికి మత్తు అక్కర్లేదు, కొద్ది నిమిషాల పని. తల చుట్టుకొలతను పిల్లల డాక్టరు ప్రతి టీకా సమయంలోనూ టేపుతో కొలిచి చార్టులో గుర్తుపెట్టేలా చూసుకోండి.